ప్రమోషన్ వచ్చాక ఆరు వారాలు రాసుకున్న నోట్‌బుక్

"టీమ్ లీడ్‌గా ప్రమోషన్ వచ్చి మూడు నెలలైంది. ప్రతి మీటింగ్‌కి ముందూ 'ఈరోజు దొరికిపోతానేమో' అని టెన్షన్. ఇది ఇంపోస్టర్ సిండ్రోమే, పట్టించుకోకు అంటున్నారు ఫ్రెండ్స్. కానీ నిజంగానే నాకు ఈ పని రాకపోతే? తేడా ఎలా తెలుస్తుంది?"

నాలుగేళ్ల క్రితం నన్ను ఏడుగురున్న టీమ్‌కి లీడ్‌ని చేశారు. అంతకుముందు ఐదేళ్లు డెవలపర్‌గా చేశాను. అప్పుడు నాక్కూడా అందరూ మీ ఫ్రెండ్స్ చెప్పిందే చెప్పారు, నేనూ తలూపాను, రాత్రి మాత్రం నిద్ర పట్టేది కాదు. ఆ మాట నా మీద ఎందుకు పనిచేయలేదో తర్వాత అర్థమైంది. నాకు నిజంగానే రాని పనులు కొన్ని ఉన్నాయి. కాకపోతే నేను భయపడుతున్నవి అవి కావు.

ముందు ఇంపోస్టర్ సిండ్రోమ్ అన్న ఆ పేరు గురించి కొంచెం. 1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు, బాగా చదువుకుని మంచి స్థాయికి వచ్చిన ఆడవాళ్లలో చాలామంది లోలోపల "నేను అందర్నీ మోసం చేస్తున్నాను" అనుకుంటున్నారని గమనించి రాశారు. వాళ్లు దాన్ని సిండ్రోమ్ అనలేదు, ఫినామినన్ అన్నారు. అంటే అది జబ్బు పేరు కాదు. ఆ తర్వాత క్లాన్స్ చెప్పిన ఒక చక్రం మాత్రం నాకు అచ్చంగా నా గురించే రాసినట్టు అనిపించింది. కొత్త పని వస్తుంది, భయం వేస్తుంది. భయంతో మనం రెండింట్లో ఒకటి చేస్తాం: అవసరానికి మూడింతలు ప్రిపేర్ అవుతాం, లేదా చివరి నిమిషం దాకా వాయిదా వేసి హడావుడిగా చేస్తాం. పని బాగానే అయిపోతుంది. ఎక్కువ ప్రిపేర్ అయితే "తెలివి కాదు, చాకిరీ చేశాను కాబట్టి గట్టెక్కాను" అంటుంది మనసు. ఆఖర్లో చేస్తే "ఏదో అదృష్టం" అంటుంది. ఎటు చూసినా గెలుపు మన ఖాతాలో పడదు.

అందుకే "నువ్వు సాధించినవన్నీ లిస్ట్ రాసుకో" అనే సలహా నాకు పనికిరాలేదు. రాశాను, చదువుకున్నాను, ప్రతి లైన్ పక్కనా మనసు ఒక సాకు తగిలించింది. పని అయిపోయాక లెక్క చూసుకుంటే మనసు ఎప్పుడూ తనకు నచ్చినట్టే లెక్క తేలుస్తుంది. కాబట్టి ఫలితం తెలియకముందే రాయాలి. నేను ఆరు వారాల పాటు ఒక మామూలు నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీసుకుని రాశాను. మొదటి గడిలో గదిలో కెమెరా ఉంటే ఏం రికార్డ్ అయ్యేదో అంతే. రెండో గడిలో నా మనసు ఏమంది. మూడో గడిలో, మనసు అన్నది నిజమే అయితే రాబోయే రెండు వారాల్లో బయటికి ఏం కనపడాలి. నాలుగో గడి ఖాళీగా వదిలి, రెండు వారాలయ్యాక నింపడం.

ఒక ఎంట్రీ చెప్తాను. లీడ్ అయిన రెండో వారంలో డిజైన్ రివ్యూ. ఒక సీనియర్ ఆర్కిటెక్ట్ నా డయాగ్రమ్ చూసి "ఇక్కడ క్యూ ఎందుకు పెట్టారు?" అన్నాడు. నాకు గొంతు ఎండిపోయింది, ఒక్క క్షణం ఆగి, లోడ్ ఒకేసారి పెరిగితే వెనక సిస్టమ్ తట్టుకోలేదని చెప్పాను. ఆయన "ఓకే" అని తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. అంతే జరిగింది. కానీ ఆ రాత్రి నా బుర్రలో నడిచిన సినిమా వేరు: ఆయనకి నా సంగతి తెలిసిపోయింది, "వీడికి బేసిక్స్ కూడా రావు" అని రాసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన అడిగింది క్యూ గురించి, నేను జవాబు చెప్పుకుంటున్నది నా మొత్తం ఉద్యోగం గురించి.

మూడో గడి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. నిజంగా ఆయన అలా అనుకుని ఉంటే ఏం చేస్తాడు? డిజైన్ ఆపుతాడు, లేదా ఇంకో రివ్యూ పెట్టమంటాడు, లేదా తర్వాతి విషయాలు నన్ను వదిలేసి మా మేనేజర్‌తో మాట్లాడతాడు. ఈ మూడూ రాసి పక్కన తేదీ వేశాను. రెండు వారాల్లో ఒక్కటీ జరగలేదు, పైగా వేరే టీమ్‌కి చూపించాలి, ఆ డయాగ్రమ్ పంపమని ఆయనే మెసేజ్ పెట్టాడు. మూడో గడి అదే రోజు రాయడం ఎందుకు ముఖ్యమో అప్పుడు తెలిసింది. రాయకపోయి ఉంటే ఆ మెసేజ్ చూసి కూడా "మర్యాద కోసం అడిగాడులే" అనుకునేవాణ్ణి. (చాలా నెలల తర్వాత, ఆ రోజు ఏం రాసుకున్నారని సరదాగా అడిగాను. ఆయనకి ఆ మీటింగే గుర్తు లేదు.)

ఇప్పుడు రెండోవైపు. కెమెరా గడిలో రాసినవన్నీ నెల రోజుల తర్వాత తిరగేస్తుంటే నాకు అసలు భయమే వేయని ఒక విషయం కనపడింది. నేను పైవాళ్లకి ఇచ్చిన గడువులు. లీడ్ అయ్యాక మూడు ఇచ్చాను. మూడు వారాలన్నది ఐదు వారాలు పట్టింది. పది రోజులన్నది పదహారు పట్టింది. ఇంకోటి మాత్రం చెప్పినట్టే అయింది. జరిగినప్పుడు వీటికి నా దగ్గర రెడీగా కారణాలున్నాయి, మధ్యలో అవసరాలు మారాయి, ఒకరు సెలవు పెట్టారు అని. పక్కపక్కన పెట్టి చూస్తే కారణం ఒకటే. "ఈ కోడ్ నేను రాస్తే ఎంతసేపు పడుతుంది" అని లెక్కేసి ఆ అంకె చెప్పేస్తున్నాను. రాసేది నేను కాదు. రివ్యూ కోసం ఆగే రోజులు, టెస్టింగ్‌లో వెనక్కి వచ్చే పని, మనుషుల సెలవులు, ఇవేవీ ఆ అంకెలో లేవు. డెవలపర్‌గా ఉన్నప్పుడు నా లెక్క సరిగ్గానే ఉండేది కాబట్టి ఇక్కడ తప్పు ఉంటుందని అనుమానం కూడా రాలేదు.

ఇది నిజమైన లోటు. దీన్ని "ఇంపోస్టర్ సిండ్రోమ్‌లే" అని పక్కన పెట్టి ఉంటే ఇంకో మూడు గడువులు దాటేవి. చేసిందల్లా ఇంతే: పనిని రెండు రోజులకు మించని ముక్కలుగా విడగొట్టడం, ఆ ముక్క చేసేవాళ్లనే ఎన్ని రోజులు పడుతుందో అడగడం, చెప్పిన అంకె, పట్టిన అంకె పక్కపక్కన రాసుకోవడం. తర్వాతి నాలుగు గడువుల్లో ఒక్కటే తప్పింది, అదీ రెండు రోజులు.

ఆరు వారాలకి మొత్తం 23 ఎంట్రీలయ్యాయి. 15 భయాలకి రెండు వారాల తర్వాత కూడా బయట ఏమీ కనపడలేదు. ఐదు ఎటూ తేలలేదు, వాటిని అలాగే వదిలేశాను, ప్రతిదీ తేలాలని పట్టుబడితే అదొక కొత్త పిచ్చి అవుతుంది. మూడు నిజం. వాటిలో గడువులు ఒకటి. రెండోది చిన్నది, ఒక మీటింగ్‌లో తేలిన విషయాలు రాసి పంపడం పదే పదే మర్చిపోవడం. మూడోది మాత్రం నన్ను బాగా కదిలించింది.

"టీమ్ కోడ్‌లో తప్పు వస్తే నా పేరు పోతుంది" అన్న భయంతో నేను రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ తీసి, జూనియర్ల కోడ్‌కి కామెంట్ పెట్టకుండా నేనే మార్చేసేవాణ్ణి. పొద్దున్న అంతా బాగుండేది. ఒకరోజు వన్ ఆన్ వన్‌లో ఒక కుర్రాడు మామూలుగా అన్నాడు: "ఎలాగూ మీరు మార్చేస్తారు కదండీ, అందుకే నేను పెద్దగా ఆలోచించట్లేదు." ఆ మాట నేను కెమెరా గడిలో మక్కీకి మక్కీ రాసుకున్నాను. అంటే నాకు మొదట్లో లేని లోటుని నా భయమే తయారు చేసింది. పైన చెప్పిన చక్రంలో ఎక్కువ ప్రిపేర్ అవడం అంటే లీడ్ స్థాయిలో ఇదే, మనం చేసే అదనపు చాకిరీ పక్కవాడి పనిని తినేస్తుంది. ఇది మీకూ ఉందేమో ఒకసారి చూసుకోండి. రాత్రిపూట ఎవరి పని చేస్తున్నారు?

ఇన్ని ఎంట్రీల తర్వాత నాకు తేడా చూడగానే కొంత పట్టుబడింది. నిజమైన లోటుకి తేదీ ఉంటుంది, నేను కాకుండా ఇంకొకరు కూడా చూసి ఉంటారు, ఒకే రకంగా మళ్లీ మళ్లీ వస్తుంది, దానికి చేయాల్సిన పని ఒకటి చెప్పొచ్చు. భయం రాసిన వాక్యంలో "ఎప్పుడూ", "అందరికీ", "అసలు నేనే" లాంటి మాటలుంటాయి, దాన్ని సరిచేయాలంటే నేను ఇంకో మనిషిగా పుట్టాలి తప్ప వేరే దారి ఉండదు.

మేనేజర్‌ని అడగడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను మొదట తప్పుగా అడిగాను. "నేను బాగానే చేస్తున్నానా?" అంటే "బాగానే చేస్తున్నావ్" అన్నారు. ఆ జవాబులో ఏమీ లేదు, అడిగిన తీరే అలాంటిది. తర్వాతి నెల వేరేగా అడిగాను: "ఈ నెలలో నేను తీసుకున్న నిర్ణయాల్లో మీరైతే ఏది వేరేగా చేసేవారు?" ఆయన కాసేపు ఆలోచించి, రెండు గడువుల గురించే చెప్పారు. క్యూ గురించి, నా టెక్నికల్ నాలెడ్జ్ గురించి ఒక్క ముక్క లేదు. ఇంకోటి కూడా అడిగాను, నన్ను లీడ్ చేయడానికి ముందు ఏం చూశారని. ఒక ప్రొడక్షన్ సమస్య వచ్చిన రోజు నేను మిగతా రెండు టీమ్‌లని ఒక కాల్‌లోకి తెచ్చి, ఎవరు ఏం చూడాలో పంచాను, అది చెప్పారు. నేను దాన్ని పనిగా కూడా లెక్కేసుకోలేదు.

ఈ పద్ధతి అన్నిచోట్లా పనిచేయదు. మీ ఆఫీసులో నిజంగానే ఎవరో మిమ్మల్ని ముఖం మీదే తక్కువ చేసి మాట్లాడుతుంటే, మీ మాటకి మధ్యలో అడ్డుపడుతుంటే, కెమెరా గడిలో అది కనపడుతుంది, అప్పుడది మీ మనసు సమస్య కాదు, దాన్ని అలాగే తేదీలతో సహా రాసి పెట్టుకోండి. అలాగే వారాల తరబడి నిద్ర, తిండి దెబ్బతింటుంటే నోట్‌బుక్‌తో ఆగకండి, డాక్టర్‌ని కలవండి.

లేకపోతే రేపటి మీటింగ్‌తోనే మొదలుపెట్టండి. వెళ్లేముందు "దొరికిపోతాను" అన్నదాన్ని ఇంకొంచెం విడమరిచి రాయండి: ఎవరు, ఏం అడుగుతారు, జవాబు రాకపోతే తర్వాత వాళ్లు ఏం చేస్తారు. మూడో గడి దగ్గరే అందరూ ఇరుక్కుంటారు, నేనూ ఇరుక్కున్నాను. అక్కడ ఆగిపోతే ఒక ఎంట్రీ పేర్లు తీసేసి కింద రాయండి, కలిసి చూద్దాం.