రిప్లై రాకముందే రెండో మెసేజ్: తమ్ముడికి అక్క ఉత్తరం

తమ్ముడూ,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లన్నీ చూశాను. ఆ అమ్మాయి రిప్లై ఇవ్వలేదని, సంబంధం చేజారిపోతోందని టెన్షన్ పడుతున్నావు కదా. నేను చూసినంతవరకు సంబంధానికి ఇంకా ఏమీ కాలేదు. కానీ నువ్వు ఇలాగే పంపుతూ పోతే అవుతుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు. మన ఇళ్ళలో, తెలిసినవాళ్ళ ఇళ్ళలో ఎన్నో సంబంధాలు నా కళ్ళ ముందే నడిచాయి. పెద్దవాళ్ళు ఫోన్ నంబర్లు ఇచ్చి మాట్లాడుకోండి అన్నాక మొదటి రెండు మూడు వారాల్లో పిల్లలు ఏం పంపారన్నదాన్ని బట్టి మనసులు దగ్గరవడం, విసుగు పుట్టడం రెండూ చూశాను.

ముందు జరిగింది వరసగా చూద్దాం. బుధవారం రాత్రి పదింటికి డల్లాస్‌లో పడుకునే ముందు ఓ పెద్ద మెసేజ్ పెట్టావు. అర్ధరాత్రి లేచి ఒక ప్రశ్నార్థకం పంపావు. పొద్దున ఏడింటికి "బిజీనా?" అన్నావు. మధ్యాహ్నం పన్నెండుకి "నేనేమైనా తప్పుగా అన్నానా?" అని అడిగావు. నీ లెక్కలో ఒక రాత్రి, ఒక పూట గడిచిపోయాయి, అంటే చాలాసేపు ఆగినట్టే. కానీ హైదరాబాద్‌లో తన గడియారం చూడు. ఈ కాలంలో డల్లాస్ కంటే ఇక్కడ పదిన్నర గంటలు ముందు. నీ మొదటి మెసేజ్ తనకి గురువారం పొద్దున ఎనిమిదిన్నరకి, ఆఫీసుకి బయల్దేరే హడావుడిలో వచ్చింది. ప్రశ్నార్థకం పదిన్నరకి, మీటింగుల మధ్యలో. "బిజీనా" సాయంత్రం ఐదున్నరకి. చివరిది రాత్రి పదిన్నరకి. అంటే ఒకే ఒక్క పనిరోజులో నీ దగ్గర్నుంచి నాలుగు మెసేజ్‌లు, అందులో మూడు "ఎందుకు జవాబివ్వలేదు" అన్న మాటే. పదకొండింటికి తను "సారీ అండీ, ఈరోజు రిలీజ్ ఉండింది, రేపు మాట్లాడతాను" అని పెట్టింది. ఆ సారీ చూసి నువ్వు ఊపిరి పీల్చుకున్నావు, నాకు మాత్రం అక్కడే భయం వేసింది. తప్పేమీ చేయని అమ్మాయి చేత నువ్వు క్షమాపణ చెప్పించావు, అదీ పరిచయమైన రెండో వారంలో.

ఇప్పుడు ఆ మొదటి మెసేజ్ సంగతి. ఆఫీసు ఎలా ఉందని మొదలుపెట్టి, ఇండియా వదిలి రావడం ఇష్టమేనా అని, వచ్చాక ఉద్యోగం చేస్తారా అని, మీ నాన్నగారు ఏమంటున్నారని, అన్నీ ఒకేసారి అడిగేశావు. అందులో మొదటిది తప్ప మిగతావన్నీ తను ఇంట్లో కూర్చుని అమ్మానాన్నలతో మాట్లాడితే తప్ప జవాబు చెప్పలేనివి. బరువైన ప్రశ్న అడిగితే జవాబుకి టైమ్ పడుతుంది, అది సహజం. "తిన్నారా" అని అడిగితే క్యాబ్‌లో కూర్చుని చెప్పేస్తుంది, దేశం మారే సంగతి అలా చెప్పలేదు. కాబట్టి మౌనం చూసి దిగులు పడే ముందు, నువ్వు అడిగినదానికి ఎంత ఆలోచన కావాలో ఒకసారి నీ మెసేజ్ నువ్వే చదువుకో. చాలాసార్లు ఆలస్యానికి కారణం అక్కడే దొరుకుతుంది.

రెండో మెసేజ్ అసలు పంపకూడదని నేను అనను. ఫలానా గంటలు ఆగాలి, తను ఎంత ఆలస్యం చేస్తే మనమూ అంత ఆలస్యం చెయ్యాలి అని నీ ఫ్రెండ్స్ చెప్పే లెక్కలు నాకు నచ్చవు, అవి మనుషుల్ని దొంగాట ఆడిస్తాయి. నేను చూసేది ఒక్కటే. నువ్వు ఇప్పుడు పంపబోయే మెసేజ్, అంతకుముందుది లేకపోయినా పంపేవాడివేనా? అయితే పంపు. ముందుదానికి జవాబు రాలేదన్న బాధ తప్ప అందులో వేరే విషయం లేకపోతే ఫోన్ పక్కన పెట్టెయ్.

ఆ లెక్కన చూస్తే పంపదగ్గవి ఉన్నాయి. మనం మాట్లాడినట్టే ముక్కలు ముక్కలుగా టైప్ చేస్తాం కదా, ఒక నిమిషంలో వరసగా నాలుగు ముక్కలు వెళ్ళినా అది ఒక్క మాట కిందే లెక్క, దాని గురించి ఆలోచించకు. శనివారం వీడియో కాల్ టైమ్ మారిందనుకో, తను చూడలేదని తెలిసినా వెంటనే చెప్పాలి, ఆగితేనే తప్పు. "శనివారం ఎనిమిదికి బదులు తొమ్మిదికి కుదురుతుందా, కుదరకపోతే ఆదివారం అయినా పర్వాలేదు" అంటే చాలు, దానికి సారీలు అక్కర్లేదు. అలాగే నీ ముందు మెసేజ్ "సరే అండీ, గుడ్ నైట్" అని ముగిసిందనుకో, అక్కడ తను జవాబివ్వాల్సింది ఏమీ లేదు. మర్నాడో ఆ తర్వాతో నువ్వే కొత్త మాట మొదలుపెడితే అది వెంటపడటం కాదు. తను మొదలుపెట్టాలని పంతం పట్టి కూర్చునే అబ్బాయిలున్నారు, అదీ మంచిది కాదు, ఎందుకంటే మన వైపు చాలామంది అమ్మాయిలు సంబంధం ఖాయం కాకుండా ముందు మెసేజ్ పెట్టడానికి మొహమాటపడతారు.

ఇంకొకటి, నిజంగా ప్రశ్న అడిగి జవాబు రానప్పుడు. రెండు మూడు రోజులు పోనిచ్చి, ఆ ప్రశ్న జోలికి వెళ్ళకుండా, జవాబు అక్కర్లేని చిన్న మాట ఒకటి పెట్టొచ్చు. మొన్నటి కాల్‌లో తను నీకు ఇష్టమైన కూర అడిగి, అక్కడ దొండకాయలు దొరుకుతాయా అందన్నావు కదా. ఈ వారం ఇండియన్ స్టోర్‌కి వెళ్ళినప్పుడు ఒక ఫొటో తీసి "మీరు అడిగిన దొండకాయలు ఇవిగో, బాగా లేతగా ఉన్నాయి" అని పంపు. తను చెప్పింది నువ్వు విన్నావని తెలుస్తుంది, చూసి నవ్వుకుని ఊరుకున్నా తనకి అప్పు పడ్డట్టు ఉండదు. ఫార్వర్డ్ చేసిన పూల బొమ్మల గుడ్ మార్నింగ్‌లు మాత్రం దీని కిందికి రావు. అవి ఎవరికైనా పంపేవే, రోజూ పంపితే మ్యూట్‌లో పెడతారు.

చెడగొట్టేవి కూడా చెప్తాను, ఎందుకంటే నువ్వు వాటి అంచునే ఉన్నావు. ఒట్టి ప్రశ్నార్థకం అన్నిటికంటే చెడ్డది, అందులో ఒక్క మాట కూడా లేకుండా నిలదీయడం మాత్రమే ఉంది. "చూశారు కానీ రిప్లై ఇవ్వలేదు" అనేది రెండోది, అంటే తన ఫోన్‌ని నువ్వు కాపలా కాస్తున్నావని నీ నోటితో చెప్పినట్టు. వాట్సాప్‌లో పెట్టి, రాలేదని ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికి పట్టుకుని అక్కడ హలో చెప్పడం ఇంకా ఘోరం, ఆ తలుపు తను నీకు తెరవలేదు. మిస్డ్ కాల్ కూడా ఇదే లెక్క. ఇక ఏం పంపామా అని భయపడి "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" కొడతారు చూడు, మెసేజ్ పోయినా డిలీట్ చేసిన గుర్తు అక్కడే ఉంటుంది. మూడు గుర్తులు వరసగా కనిపిస్తే అవతలి మనిషి చదివినదానికంటే ఎక్కువ ఊహించుకుంటుంది. అక్షరం తప్పు పడితే పంపిన పదిహేను నిమిషాల్లోపు ఎడిట్ చేసుకోవచ్చు, అది వాడు.

టిక్కుల మీద కూడా అంత నమ్మకం పెట్టుకోకు. ఒకే టిక్ ఉంటే మెసేజ్ ఇంకా తన ఫోన్‌కే చేరలేదు, అప్పుడు నువ్వు ఇంకో నాలుగు పంపితే తను నెట్ ఆన్ చెయ్యగానే అన్నీ కలిసి మీద పడతాయి. రెండు టిక్కులు బూడిద రంగులో ఉన్నాయంటే చదవలేదనీ కాదు, నోటిఫికేషన్‌లోనే చదివి ఉండొచ్చు, రీడ్ రిసీట్లు ఆపేసి ఉండొచ్చు. నీలం అయితే చూసిందని మాత్రమే అర్థం. ఆఫీసులో ఒక కన్నేసి, రాత్రి తీరిగ్గా రాద్దామని పెట్టుకునేవాళ్ళు ఎంతమందో.

నువ్వు మర్చిపోతున్న అసలు విషయం ఒకటుంది. ఇది నువ్వు ఎక్కడో కలిసి నంబర్ తీసుకున్న అమ్మాయి కాదు, పెద్దలు చూసిన సంబంధం. తను మౌనంగా ఉందంటే వాళ్ళింట్లో జాతకాలు చూపిస్తుండొచ్చు, మేనమామ వచ్చేదాకా ఆగుతుండొచ్చు, ఇంకో సంబంధం వాళ్ళు వచ్చి వెళ్ళి ఉండొచ్చు. అవన్నీ తేలకుండా నీకు ఏం చెప్పినా తనకే ఇబ్బంది. మన ఇళ్ళలో కాదనే మాట పిల్ల నోటి నుంచి రాదు, మధ్యవర్తి ద్వారా జాతకం కుదరలేదనో, ఇప్పుడే చెయ్యాలనుకోవడం లేదనో వస్తుంది. అందుకని రెండో మెసేజ్ పెట్టాక కూడా వారం పది రోజులు ఏ కబురూ లేకపోతే మూడోది పెట్టకు. అమ్మతో చెప్పి, సంబంధం తెచ్చిన బాబాయి ద్వారా "వాళ్ళ ఆలోచన ఎలా ఉందో" అని ఒక్కసారి అడిగించు. రెండు రోజులకే అడిగించావంటే మాత్రం తన మీద ఇంట్లోవాళ్ళు పడతారు, ఆ కోపం నీ మీదికే వస్తుంది.

చెడిందో లేదో ఎలా తెలుస్తుందంటావా? తన ప్రతి జవాబూ సారీతో మొదలవుతోందా, నువ్వు నాలుగు అడిగితే ఆఖరిదానికే చెప్తోందా, తిరిగి నిన్ను ఏదీ అడగడం మానేసిందా, ఈ మూడూ చూడు. ఒకటి రెండుసార్లయితే పని ఒత్తిడి. వారం పాటు మూడూ ఉంటే నీతో మాట్లాడటం తనకి ఒక పని అయిపోయిందని అర్థం, అప్పుడు నువ్వు సగానికి సగం తగ్గించాలి. తగ్గించాక తనంతట తను ఏదైనా అడిగితే ఇంకా ఆశ ఉన్నట్టు. అడగకపోతే ఆ అమ్మాయి జవాబు అదేననుకో, బాధగా ఉన్నా మర్యాదగా ఒప్పుకో.

ప్రస్తుతానికి అంతదూరం రాలేదు. రేపు మాట్లాడతానంది కదా, ఆ మాట మీద ఉండనీ. దానికి జవాబుగా "పర్వాలేదండీ, రిలీజ్ అయ్యాక రెస్ట్ తీసుకోండి" అని ఒక్క లైన్ పెట్టు. ఆ మూడు మెసేజ్‌ల గురించి సంజాయిషీ రాయకు, రాస్తే "అబ్బే, అదేం లేదండీ" అని మళ్ళీ తనే నిన్ను ఓదార్చాల్సి వస్తుంది. ఇండియా వదలడం, ఉద్యోగం లాంటి పెద్ద ప్రశ్నలు శనివారం కాల్‌కి ఉంచు, అదీ ఒక్కసారికి ఒక్కటే. నీ ఫోన్‌లో వరల్డ్ క్లాక్‌కి హైదరాబాద్ కలుపుకో. నీకు రాత్రి తొమ్మిదిన్నర అంటే తనకి పొద్దున ఎనిమిది, అప్పుడు ఏమీ అడగకు. నీకు పొద్దున పది అయితే తనకి రాత్రి ఎనిమిదిన్నర, భోజనం చేసి కూర్చునే వేళ, ఏదైనా అడగాలంటే అప్పుడు అడుగు. అమ్మకి నేను ఫోన్ చేసి, వాళ్ళని ఇప్పుడప్పుడే కదపొద్దని చెప్తాను.

ఇట్లు,
అక్క