దుపట్టా ఎక్కడ ఆరేశారో అడిగావా?

అమ్మాయీ,

నీ జవాబు చిత్తుప్రతి, కొన్నావిడ రాసిన రివ్యూ, ఆవిడ పెట్టిన ఫొటోలు అన్నీ చూశాను. నీ మొదటి వాక్యానికే నాకు చిరాకు పుట్టింది. "వేల ఏళ్ల చరిత్ర ఉన్న మా శ్రీకాళహస్తి కలంకారీని అవమానించే హక్కు మీకు లేదు" అని ఎత్తుకున్నావు. ఆవిడ కలంకారీని ఒక్క మాట అనలేదు. నువ్వు పంపిన దుపట్టా గురించి మూడు మాటలు అంది. విరిగిన పాల వాసన కొడుతోంది కాబట్టి పాత సరుకు. నెమళ్లు రెండూ ఒకేలా లేవు కాబట్టి చెయ్యి తిరగని పని. ఉతికి ఆరేస్తే నల్ల మచ్చలు పడ్డాయి కాబట్టి కెమికల్ రంగు. నీ రెండు పేజీల్లో ఈ మూడింటికీ జవాబు లేదు. మీ అమ్మ కలం పట్టుకుని కూర్చునే తీరు గురించి రాసిన వాక్యం బాగుంది. దాన్ని కథకు దాచుకో.

ఎన్నో ఏళ్లుగా నేను పట్టుకు వేలాడే సంగతి ఒకటుంది. ఫిర్యాదు చేసేవాళ్లు కంటితో చూసింది ఒకటి, దాన్నిబట్టి అనుకున్నది ఇంకొకటి. చూసినదాన్ని నువ్వు కాదనకూడదు. వాసన వచ్చిందంటే వచ్చింది, మచ్చ పడిందంటే పడింది. నీ పేచీ అంతా ఆ 'కాబట్టి' దగ్గరే. ఆ ఒక్కచోటే మాట్లాడు. అప్పుడు మర్యాద కోసం తేనె మాటలు వెతుక్కోనక్కర్లేదు.

వాసన సంగతి చూడు. గాడా గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో తడిపి ఎండబెడతారని నాకంటే నీకే బాగా తెలుసు. పాలలో కొవ్వు ఉంటుంది గనకే కలం గీసిన గీత పక్కకి పాకకుండా నిలబడుతుంది. వాసన అక్కడిది, ఉతికేకొద్దీ పోతుంది. ఇది రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. నువ్వు చెప్పకుండా "మీకు సంప్రదాయం తెలియదు" అన్నావు. తెలియకే కదా ఆవిడ రాసింది!

నెమళ్ల సంగతి ఇంకా తేలిక. అచ్చు వేసిన గుడ్డయితే ఒక నెమలి తోకలో ఉన్న లోపమే ప్రతి నెమలి తోకలోనూ అదే చోట కనిపిస్తుంది. చేత్తో గీస్తే ఏ రెండూ అచ్చంగా ఒకేలా రావు. దుపట్టా తిరగేసి చూడమను. ఊరిన నలుపును కలంతో గీస్తే గీత వెనక్కి దిగుతుంది, స్క్రీన్ ప్రింటు రంగు చాలావరకు పైనే ఉంటుంది. గాంధీ రోడ్డులో ఇలాంటిదే తక్కువకి దొరికిందని ఆవిడ రాసిన మాటకి కూడా ఈ పరీక్షే జవాబు. రెండూ పక్కపక్కన పెట్టుకుని తనే చూసుకుంటుంది. ధర గురించి వేరే వాదన పెట్టుకోకు.

మచ్చల దగ్గరే నువ్వు తప్పుదారి పట్టావు. "మా రంగులు వంద శాతం సహజం, మచ్చలు పడే అవకాశమే లేదు" అన్నావు. ఫొటోలో కనిపిస్తున్న మచ్చని లేదంటే చదివేవాళ్లు ఎవరిని నమ్ముతారు? ఆ ఫొటో పెద్దది చేసి చూడు. మచ్చలు ఎక్కడపడితే అక్కడ లేవు. మధ్య మడత వెంట, అడ్డంగా, ఒకే వరసలో ఉన్నాయి. రంగు కారితే అది బొమ్మ అంచుల నుంచి కిందికి జారుతుంది, బొమ్మలు లేని చోట గీత గీసినట్టు వరస కట్టదు. ఆ దుపట్టాని తడిగా ఉండగా ఇనుప తీగ మీద ఆరేసి ఉంటారని నా అనుమానం.

మీ నలుపు ఎలా పుడుతుందో గుర్తు తెచ్చుకో. కుండలో తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు వేసి వారాల తరబడి ఊరబెడతారు. ఆ కసిమి నీళ్లు కరక్కాయ పట్టిన గుడ్డని తాకగానే నల్లబడతాయి. అంటే నలుపు ఒక్క కుండలోనే లేదు, కరక్కాయ వగరూ ఇనుమూ కలిసిన చోట పుడుతుంది. ఉతికాక కూడా గుడ్డలో ఆ వగరు కొంత మిగిలే ఉంటుంది. తడిసిన గుడ్డకి తుప్పు తగిలితే, మీ అమ్మ కలంతో చేసే పనే ఆ తీగ చేస్తుంది. ఆవిడ చూసిన మచ్చ నిజం. అది కరక్కాయ ఉన్న గుడ్డ అనడానికే గుర్తు, కెమికల్ రంగుకి రుజువు కాదు.

అయితే ఇది నా అనుమానం మాత్రమే. రాసే ముందు నువ్వు చేసి చూడాలి. మిగిలిపోయిన కలంకారీ ముక్క ఒకటి, మామూలు మిల్లు తెల్ల గుడ్డ ముక్క ఒకటి తడిపి, రెండిటి మీదా తుప్పు మేకు పెట్టి రాత్రంతా ఉంచు. తెల్ల గుడ్డ మీద ఎర్రటి తుప్పు మరక పడాలి. మీ ముక్క మీద నల్లగా పడాలి. అలా పడకపోతే నా మాట పక్కన పెట్టి, దుపట్టా వెనక్కి తెప్పించుకుని చూడు.

ఇలా వివరాలతో రాస్తే ఎవరు చదువుతారని అడిగావు. ఇదే మాట నాతో ఒక సంపాదకుడు అన్నాడు. చిత్తూరు పక్క బెల్లం గానుగ మీద నేను రాసిన కథని సమీక్షిస్తూ ఒకాయన "చెరకు రసంలో సున్నం వేస్తారట, రచయిత కల్పన" అని రాశాడు. రసం కాగేటప్పుడు సున్నం ఎందుకు వేస్తారో, మడ్డి ఎలా పైకి తేలుతుందో, దాన్ని ఎలా తీసిపారేస్తారో మర్యాదగా రాసి పంపాను. ఆ సంపాదకుడు సున్నం మొత్తం కత్తిరించి, "ఈ సమీక్ష నన్ను బాధించింది" అన్న ఒక్క వాక్యాన్ని అచ్చేశాడు. చదివినవాళ్లకి నేను అలిగినట్టు కనిపించింది, సమీక్షకుడి మాట అలాగే నిలిచిపోయింది. ఆ కోపం నాకు ఇప్పటికీ తీరలేదు. నీ జవాబుకి అలాంటి కత్తెర లేదు. ఉన్న చోటంతా సున్నానికే ఇవ్వు.

నేనైతే ఇలా రాస్తాను:

"అమ్మా, దుపట్టా మీద మచ్చలు పడినందుకు విచారిస్తున్నాం. మీ ఫొటోలో అవి మడత వెంట వరసగా ఉన్నాయి. తడిగా ఉన్నప్పుడు ఇనుప తీగ గానీ క్లిప్పు గానీ తగిలిందేమో దయచేసి చెప్పగలరా? ఈ గుడ్డకి కరక్కాయ పట్టిస్తాం, తుప్పు తగిలితే నల్లబడుతుంది. మా ఇంట్లో ముక్క మీద చేసి చూసిన ఫొటో జత చేశాం. ఈ జాగ్రత్త మేం పార్సిల్‌లో పెట్టే చీటీలో లేదు, అది మా లోపం. కారణం ఇది కాకపోతే దుపట్టా తిరిగి పంపండి, ఖర్చు మాది."

ఆ తర్వాత వాసన, నెమళ్లు రెండేసి వాక్యాల్లో చెప్పి ఆపెయ్. రివ్యూ తీసెయ్యమని అడగొద్దు, డబ్బు వాపసుకి ఆ షరతు అసలే పెట్టొద్దు. మచ్చ తియ్యడానికి నిమ్మరసం రుద్దమని కూడా చెప్పకు. పులుపు తగిలితే మచ్చతో పాటు మీ అమ్మ గీసిన నల్ల గీత కూడా వెలిసిపోతుంది. నీ చిత్తులో ఆవిడ ఊరు, వీధి, ఆర్డరు వివరాలు రాశావు, అవి కొట్టెయ్. అందరూ చదివేచోట కొన్నవాళ్ల చిరునామా బయటపెట్టడం బెదిరించినట్టే.

మేకు పరీక్ష ఫొటో ముందు నాకు పంపు. "నీడన, ప్లాస్టిక్ తాడు మీద ఆరేయండి, ఇనుము తగలనివ్వకండి" అన్న మాట మాత్రం దానికోసం ఆగకుండా రేపు పోయే పార్సిళ్ల చీటీల్లోనే చేర్చు. మీ నాయనను అడిగానని చెప్పు.

తిరుపతి నుంచి,
మీ మామ