పోలింగ్ క్యూలో పెద్దవాళ్లకు సాయం: ఎంతవరకు?

ప్రశ్న: ఎన్‌ఎస్‌ఎస్ తరఫున పోలింగ్ బూత్ దగ్గర వాలంటీరుగా ఉంటాను. చూపు సరిగా లేని పెద్దావిడ వస్తే, నేనే లోపలికి వెళ్లి బటన్ నొక్కొచ్చా?

మామూలుగా నొక్కకూడదు. మీ పని క్యూలో నమస్కారం పెట్టి, "అమ్మా, వీల్‌చెయిర్ తేనా?" అని అడిగి, లైన్‌లో నిలబెట్టకుండా ముందుకు తీసుకెళ్లడం. అడక్కుండా చెయ్యి పట్టుకోవద్దు, మీ భుజం అందించండి.

బటన్ నొక్కే సాయానికి 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49ఎన్ ఉంది. చూపులేమి వల్లో, వేరే శారీరక బలహీనత వల్లో గుర్తు పోల్చుకోలేని, బటన్ నొక్కలేని వాళ్లకు 18 ఏళ్లు నిండిన తోడును ప్రిసైడింగ్ అధికారి అనుమతిస్తారు. ఓటు రహస్యంగా ఉంచుతానని, ఆ రోజు ఇంకెవరికీ ఇలా తోడు వెళ్లలేదని ఆ వ్యక్తి రాసివ్వాలి. అంటే ఒకరికి మీరు వెళ్తే, తర్వాత వచ్చే ఇంకెవరికీ వెళ్లలేరు. అందుకే ముందు "మీతో ఎవరైనా వచ్చారా?" అని అడిగి, బయట ఉన్న మనవడినో కోడలినో పిలిపించండి.

నడవలేకపోయినా గుర్తు చూసి నొక్కగలిగితే ఆవిడే నొక్కాలి. బ్యాలెట్ యూనిట్ మీద బటన్ల పక్కన బ్రెయిలీ అంకెలుంటాయి, అది చదవగలిగేవాళ్లకు తోడు లేకుండానే ఓటు సాధ్యం. "ఏ గుర్తుకు వేయమంటావు బాబూ?" అని అడిగితే మాత్రం ఏమీ చెప్పకండి, వేలు కూడా చూపించకండి.