క్విజ్‌లో అంకెలు వేరైతే జంట కుదరనట్టేనా?

"ఇద్దరం లవ్ లాంగ్వేజ్ క్విజ్ చేశాం. నాకు 'కలిసి గడిపే సమయం' 9, మా వారికి 'పనుల్లో సాయం' 10 వచ్చింది. భాషలే వేరంటే మాకిక కుదరదా? – గుంటూరు"

అలా ఏం కాదండీ. లవ్ లాంగ్వేజ్ అంటే ప్రేమ చూపించే, అందుకునే తీరు. మెచ్చుకోలు మాటలు, కలిసి గడిపే సమయం, కానుకలు, పనుల్లో సాయం, స్పర్శ అని అయిదు చెబుతారు. ముందు ఆ 9 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. అందరూ చేసే ఆ క్విజ్‌లో 30 ప్రశ్నలుంటాయి. ప్రతిదాంట్లో రెండు వాక్యాలిచ్చి ఒకటే ఎంచుకోమంటారు. ఒక్కో భాషకు ఎక్కువలో ఎక్కువ 12 వస్తాయి, అయిదూ కలిపితే ఎప్పుడూ 30. అంటే ఒకటి పెరగాలంటే ఇంకొకటి తగ్గాల్సిందే. మీకు రెండూ ప్రాణమైనా సరే, ఒకదాన్ని కిందికి నెట్టేస్తుంది. అదే అయిదింటికీ విడివిడిగా మార్కులు వెయ్యమంటే చాలామంది అన్నిటికీ ఎక్కువే వేస్తారు. 'ప్రధాన భాష ఒక్కటే' అన్నమాట మీద 2024లో మనస్తత్వ పరిశోధకురాలు ఎమిలీ ఇంపెట్ బృందం రాసిన సమీక్ష పెట్టిన ప్రధాన అభ్యంతరం ఇదే.

భాషలు కలిస్తే కాపురం బాగుంటుందన్న మాటకూ ఆధారం గట్టిగా లేదు. 2017లో 67 జంటల్ని పరిశీలిస్తే పెద్దగా సంబంధం కనబడలేదు. 2022లో 100 జంటల్ని చూసినప్పుడు కొంత కనబడింది.

మరి ఈ అయిదు భాషల మాట ఇంత పాకడానికి కారణం? 1992లో 'ది ఫైవ్ లవ్ లాంగ్వేజెస్' పుస్తకం రాసి ఈ మాటను తెచ్చిన గ్యారీ చాప్‌మన్ అమెరికాలో పాస్టర్, చర్చికి వచ్చే దంపతులకు సలహాలిచ్చేవారు. "మీరు నన్ను పట్టించుకోరు" అన్న నిందని "నాకు కాస్త సమయం కావాలి" అన్న అడగడంగా మార్చే మాటలు ఆయన ఇచ్చారు. అది నిజంగా పనికొచ్చేదే, దాన్ని వదులుకోకండి.

మీవారు మిర్చి యార్డులో పనిచేస్తారనుకుందాం. సీజన్లో రాత్రి తొమ్మిదింటికి వచ్చి కూడా, విజయవాడ నుంచి రైల్లో వచ్చే మిమ్మల్ని స్టేషన్ నుంచి బండి మీద తీసుకొస్తారు. సాయం అందింది, కబుర్లు లేవు. అది ఆయన స్వభావమో, సీజన్ అలసటో క్విజ్ చెప్పలేదు. అందుకని రెండు వారాలపాటు ఆదివారం రాత్రి, ఇద్దరూ విడివిడిగా, అయిదింటికీ 'ఈ వారం నాకెంత అందింది' అని 1 నుంచి 5 దాకా మార్కులు వెయ్యండి. 2 కన్నా తక్కువ పడ్డదాన్ని పట్టుకుని ఒక్క పని అడగండి: "బుధవారం భోజనమయ్యాక ఇరవై నిమిషాలు, ఫోన్లు లోపల పెట్టి." సీజన్ అయ్యాక మళ్లీ వేస్తే మార్కులు మారొచ్చు. మారితే అది స్వభావం కాదు, అప్పటి లోటు.

మార్కులన్నీ బాగానే ఉండి కూడా మనసు బరువుగా ఉంటే, కారణం ఆ అయిదింట్లో లేదు. గొడవ ఎలా తెగుతోంది, మీ ఉద్యోగానికో చదువుకో ఆయన అండగా ఉన్నారా, అత్తామామల ఖర్చు ఎవరు తేలుస్తున్నారు, ఇవేవీ ఆ జాబితాలో లేవు. అక్కడ మాట్లాడండి.