కంపెనీ అప్పు, అబ్బాయి స్కోరు

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం వద్దని స్టార్టప్ పెట్టాడు. ఖర్చులన్నీ సొంత క్రెడిట్ కార్డు మీదే. నెలనెలా కడుతున్నా స్కోరు పడిపోతోంది. కంపెనీకి వేరే స్కోరు తెచ్చుకోవడం మంచిదా, ఇలాగే నడిపించాలా? రేపు వాడికి లోను పుట్టదేమోనని టెన్షన్‌గా ఉంది మేడమ్.

జవాబు: ముందు ఆ భయం వదిలేయండమ్మా. క్రమంగా కడుతున్నా స్కోరు తగ్గుతోందంటే చాలావరకు కారణం కార్డు వాడకమే. 1,00,000 పరిమితిలో 80,000 కంపెనీ ఖర్చులకే పోతే, స్టేట్‌మెంట్ నాటికి 80 శాతం వాడినట్టు స్కోరు లెక్కకట్టే క్రెడిట్ బ్యూరోకి వెళ్తుంది. తర్వాత మొత్తం కట్టేసినా సాధారణంగా అక్కడ కనిపించేది ఆ అంకే. కంపెనీ ఖర్చు ఆ కార్డు మీద నుంచి తప్పిస్తే స్కోరు మళ్లీ కోలుకుంటుంది. కాబట్టి వేరు చేయడమే మంచిది.

అయితే "గ్యారంటీ లేకుండా కొన్ని వారాల్లో బిజినెస్ క్రెడిట్" అని అమ్మే ప్యాకేజీల మీద నాకు నమ్మకం లేదు. కొత్త కంపెనీకి అప్పిచ్చేవాళ్లు మొదట్లో దాదాపు ఎప్పుడూ వ్యవస్థాపకుడి చేత పూచీ సంతకం పెట్టిస్తారు. కంపెనీకి ఎంత చక్కటి ప్రొఫైల్ ఉన్నా, ఆ సంతకం ఉన్నంతకాలం బాకీ చివరికి మీ అబ్బాయి మెడకే చుట్టుకుంటుంది.

ప్రొఫైల్ నిజంగా పెరిగేది సరఫరాదారుల దగ్గర. కంపెనీ చట్టప్రకారం వేరుగా నమోదై, దాని పేరు మీదే బ్యాంకు ఖాతా ఉండాలి. ఆ తర్వాత 30 రోజుల గడువిచ్చే సరఫరాదారుల దగ్గర కొనాలి. వాళ్లు చెల్లింపుల వివరాలు బ్యూరోకి పంపుతారో లేదో ముందే అడగాలి. పంపకపోతే ఎంత బాగా కట్టినా లెక్కలోకి రాదు. బిల్లు మీద కంపెనీ పేరు, చిరునామా నమోదులో ఉన్నట్టే ఉండాలి. లేకపోతే ఆ చెల్లింపు ఇంకో ఫైల్లోకి పోవచ్చు.

ఉదాహరణకి, కంపెనీల క్రెడిట్ బ్యూరో అయిన డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ వారి పేడెక్స్ స్కోరు చూడండి. కంపెనీ బిల్లులు ఎంత సమయానికి కడుతోందో చెప్పేది అదే. గడువులోగా కడితే 80, నెల ఆలస్యమైతే 50. పెద్ద బిల్లుకు బరువెక్కువ. 2,000 చొప్పున ఐదు బిల్లులు సమయానికి కట్టి, 40,000 బిల్లు ఒక్కటి నెల ఆలస్యం చేస్తే స్కోరు 56 దగ్గర ఆగుతుంది. చిన్నవి ఐదు కట్టామన్న తృప్తి అక్కడ పనికిరాదు. పెద్ద బిల్లుకే డబ్బు ముందు పక్కన పెట్టాలి.

ఇక మీకో మాట, కోపం తెచ్చుకోకండి. రోజూ "ఉద్యోగం చూసుకో" అంటూ ఉంటే వాడు అప్పుల సంగతి మీ దగ్గర దాస్తాడు. అది మానేసి, ఇంతవరకు ఎక్కడెక్కడ పూచీ సంతకాలు పెట్టాడో, ఎంతెంతకో ఒక కాగితం మీద రాయించండి. మీ చేత కూడా సంతకం పెట్టించాలని చూస్తే, ఆ కాగితం చదివాకే పెన్ను పట్టుకోండి.