ఆర్డర్ ఇచ్చినట్టు రుజువు చూపాల్సింది బ్రోకరే

ప్రశ్న: లాయర్ గారూ, నేను రిటైరైన టీచర్‌ని. ఒక బ్రోకర్ దగ్గర అకౌంటు తెరిచి ఆరు లక్షలు పెట్టాను. షేర్లు కొనమన్నానే గానీ ఆప్షన్స్ మాటే ఎత్తలేదు. బ్రాంచిలో అబ్బాయి "అమ్మా, అమ్మా" అంటూ మా ఇంటి పిల్లాడిలా తిరిగేవాడు. 2025 మార్చి 11 నుంచి జూన్ 20 వరకు నన్ను అడక్కుండా ఆప్షన్స్ ఆడి 3,84,000 పోగొట్టాడు. ఇప్పుడు ఓ కాగితం మీద సంతకం పెడితే 75,000 ఇప్పిస్తానంటున్నాడు. నిద్ర పట్టడం లేదు. సెబీకి రాస్తే డబ్బు వస్తుందా? కాంట్రాక్ట్ నోట్లు, వాట్సాప్ కాపీలు జత చేశాను. (గుంటూరు పాఠకురాలు)

జవాబు: ఆ అబ్బాయి మిమ్మల్ని ఏమని పిలిచాడన్నది ఎవరూ చూడరు. ఒక్కో ట్రేడుకూ ఆర్డర్ ఎవరిచ్చారు, దానికి రుజువేది అన్నదే చూస్తారు. ఈ విషయంలో మీకు బలముంది. 2018 మార్చి 22న సెబీ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, క్లయింటు ఆర్డర్ ఇచ్చినట్టు రుజువు చేతిలో ఉన్నాకే బ్రోకర్ ట్రేడ్ చెయ్యాలి. అది మీ సంతకం ఉన్న కాగితం కావచ్చు, ఫోన్ రికార్డింగు కావచ్చు, మీ ఈమెయిలో, ఎస్సెమ్మెస్సో, ఇంటర్నెట్‌లో ఆర్డర్ పెట్టినట్టు చూపే లాగ్ రికార్డో కావచ్చు. తగాదా వస్తే ఆ రుజువు చూపే భారం బ్రోకర్‌దే. అడగలేదని మీరు నిరూపించాల్సిన పని లేదు.

మరి చిక్కెక్కడ? మీ మౌనంలో. ఏ రోజు ఏం కొన్నారో, ఏం అమ్మారో చూపిస్తూ బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్లు 41 మీ ఈమెయిల్‌కు వచ్చాయి. ఒక్కటీ తెరవలేదని మీరే రాశారు. ఫోనుకు ఎక్స్ఛేంజి నుంచి ఎస్సెమ్మెస్‌లూ వచ్చాయి. పిల్లల మార్కుల లిస్టు రెండుసార్లు సరిచూసి ఉంటారు, మీ ఆరు లక్షల లెక్క ఒక్కసారీ చూడలేదు! ఏప్రిల్ 22న "ఇంత తగ్గిందేంటి బాబూ, ఆప్షన్స్ నేను చెయ్యమనలేదు కదా" అని మీరు పెట్టిన వాట్సాప్ మెసేజ్, "రికవర్ చేసేస్తానమ్మా" అన్న అతని జవాబు మీ కేసుకు ప్రాణం. కానీ మే 6న మరో 60,000 పంపారు. తెలిసీ డబ్బు కట్టారు కాబట్టి ఒప్పుకున్నట్టేనని బ్రోకర్ వాదిస్తాడు. అందుకే ఏప్రిల్ 22 ముందు ట్రేడులు, తర్వాతవి వేరుగా చూపండి. రెండిటినీ కలిపి ఒకే మొత్తం అడిగితే బలహీనమైనవి బలమైనవాటిని కూడా లాగేస్తాయి.

ఇంకోటి, నిజం చెప్పండి. అతనికి ఎప్పుడైనా ఓటీపీ గానీ పాస్‌వర్డ్ గానీ ఇచ్చారా? ఇచ్చి ఉంటే మీ లాగిన్‌తోనే ఆర్డర్లు వెళ్లాయని బ్రోకర్ లాగ్ చూపిస్తాడు. అప్పుడు "ఇవ్వలేదు" అని రాసి దొరికిపోతే మిగతా మాటలూ ఎవరూ నమ్మరు.

ఆ 75,000 కాగితం మీద సంతకం పెట్టొద్దు. చచ్చినా పెట్టొద్దు. మీరు ఫొటో తీసి పంపిన నమూనాలో రెండో లైను చదివారా? "ట్రేడులన్నీ నాకు తెలిసే జరిగాయి" అని ఉంది. బ్రోకర్ దగ్గర లేని రుజువును మీరే రాసిచ్చినట్టవుతుంది. లెడ్జర్ సరిగ్గా ఉందనే కాగితమైనా అంతే.

ఇప్పుడు చెయ్యాల్సింది చూడండి. ప్రతి కాంట్రాక్ట్ నోటు మీదా ఆర్డర్ నంబరు, ఆర్డర్ సమయం ఉంటాయి. వాటితో ఒక పట్టిక రాయండి: తేదీ, కాంట్రాక్ట్ నోటు నంబరు, ఆర్డర్ సమయం, నష్టం. పక్కన ఆ సమయానికి మీరెక్కడున్నారో రాయండి. మార్చి 27 ఉదయం 11:42కి ఆర్డర్ పడింది. అదే పూట మీరు కంటి ఆసుపత్రిలో ఉన్నట్టు రసీదు ఉందన్నారు కదా, దాన్ని ఆ వరుసకే జత చెయ్యండి. ఇలాంటివి నాలుగు దొరికినా చాలు. పట్టికతో పాటు బ్రోకర్ గ్రీవెన్స్ ఈమెయిల్‌కు రాసి, ప్రతి ఆర్డర్‌కూ కాల్ రికార్డింగు లేదా లాగ్ ఇవ్వమని అడగండి. వాట్సాప్ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి, ఫోను మార్చొద్దు.

గడువు దగ్గర్లోనే ఉంది. సెబీ స్కోర్స్ పోర్టల్‌లో (scores.sebi.gov.in) ఘటన జరిగిన ఏడాదిలోపే ఫిర్యాదు పెట్టాలి. ఇప్పుడు ఫిబ్రవరి. మార్చి 11 నాటి మొదటి ట్రేడుకు గడువు 2026 మార్చి 11తో అయిపోతుంది, తర్వాతవి ఒక్కొక్కటిగా జారిపోతాయి. బ్రోకర్‌కు ఈ వారమే రాయండి. జవాబు రాకపోయినా మార్చి మొదటి వారంలో స్కోర్స్‌లో పెట్టెయ్యండి. 21 రోజుల్లో బ్రోకర్ జవాబివ్వాలి. అది నచ్చకపోతే 15 రోజుల్లోగా రివ్యూ కోరాలి.

అయితే నష్టం లెక్కకట్టి మీ చేతిలో పెట్టేది సెబీ కాదు. దానికి ఆన్‌లైన్‌లో తగాదాలు తీర్చే smartodr.in పోర్టల్ ఉంది. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి తీర్పు. అక్కడ మామూలు కాలపరిమితి మూడేళ్లు కాబట్టి స్కోర్స్ తేదీ తప్పినా ఆ దారి మూసుకుపోదు. ఆ దారిలోకెళ్తే స్కోర్స్ ఫిర్యాదు మూసేస్తారు. అందుకే ముందు స్కోర్స్‌లో బ్రోకర్ చేత రాతపూర్వకంగా జవాబు చెప్పించండి. రికార్డింగులు లేవని అతనే రాస్తే ఆర్బిట్రేటర్ ముందు పెట్టాల్సిన మొదటి కాగితం అదే.