సుజాతకి, ఆవకాయ గురించి రాసేముందు

సుజాతా,

నువ్వు ఆన్‌లైన్లో ఆవకాయ అమ్మబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మా ఇంటి పిల్ల జాడీ ముందు కూర్చుందన్న సంతోషం సగం, నేను చేసిన తప్పే నువ్వూ చేస్తావేమోనన్న భయం సగం. నువ్వు రాసుకున్న నాలుగు మాటలూ, ఓ సీసా పచ్చడీ వాడు పంపాడు. "అమ్మ చేతి కమ్మదనం, నోరూరించే ఆవకాయ, నూరు శాతం సహజం" అని రాశావు. ఇందులో ఆవకాయ ఏదే? ఈ మాటలు నిమ్మకాయ సీసా మీద అంటించినా సరిపోతాయి.

బరువు, ధర, కలిపిన తేదీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు తప్పకుండా పెట్టు. ఫొటో పగటి వెలుతురులో తియ్యి. వాటి గురించి నీకు నేను చెప్పక్కర్లేదు.

రాసేముందు మాత్రం మూత తీసి, వేడన్నంలో కలుపుకుని తిను. ముందు ఏం తగిలింది, తర్వాత ఏం తగిలింది, అదే వరసలో కాగితం మీద పెట్టు. నీ సీసా నేనలాగే తిన్నాను. మొదట ఆవఘాటు ముక్కుకెక్కింది. తర్వాత పులుపు, ఆఖర్న కారం. ముక్క కొరికితే కరకరమంది, టెంక పట్టుకునే ఉంది. ఉప్పు ఒక పిసరు ముందుంది. అదీ రాయి. "మా ఉప్పు కాస్త ముందుంటుంది, అన్నం ఎక్కువ కలుపుకోండి" అన్నవాళ్ళని కొనేవాళ్ళు తొందరగా నమ్ముతారు.

ఇక నా సంగతి. నేను పచ్చళ్ళు అమ్మిన రోజుల్లో మా అబ్బాయి నాకో వెబ్‌సైటు చేసిపెట్టాడు. "పప్పునూనెతో కలిపిన ఆవకాయ" అని ముచ్చటగా రాశాను. మొదటి విడత మొత్తం పప్పునూనే, అంటే నువ్వుల నూనే. అది పది రోజుల్లో అయిపోయింది. రెండో విడతకి కాయలు కొట్టించి, తుడిచి, ఆరబెట్టాక చూస్తే నూనె చాలలేదు. ముక్కలు కోసి ఉంచితే నిలవవు కదా, ఇంట్లో ఉన్న గానుగ వేరుశనగ నూనె పోసేశాను. పచ్చడి బాగానే కుదిరింది. వెబ్‌సైటులో మాట మార్చాలన్న ఆలోచనే రాలేదు.

వారం తర్వాత ఒకావిడ ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. వాళ్ళ ఏడేళ్ళ పిల్లాడికి పల్లీలు పడవట. తింటే పెదవులు వాచి, ఊపిరి అందదట. పప్పునూనె అని రాసి ఉందనే నా దగ్గర కొన్నదట. అన్నం కలుపుతుంటే పల్లీల వాసన వచ్చిందని ముద్ద కింద పెట్టేసింది. ఆవిడ ముక్కు ఆ పిల్లాణ్ణి కాపాడింది, నేను కాదు. గానుగ నూనెలో పల్లీల మాంసకృత్తులు కొంత మిగిలిపోతాయనీ, పడనివాళ్ళకి అవే ప్రమాదమనీ తర్వాత డాక్టరు చెబితే తెలిసింది. ఆ విడత కొన్నవాళ్ళందరికీ ఒక్కొక్కరికే ఫోన్ చేశాను. డబ్బు వెనక్కి ఇచ్చాను. ఇప్పటికీ ఎక్కడైనా పల్లీల వాసన తగిలితే చెయ్యి ఆగిపోతుంది.

అందుకే కోప్పడుతున్నాననుకోకు. ఏ జాడీకి ఆ జాడీ రాసుకో. పోయిన విడత మాటలు కాపీ చెయ్యకు. కాయ మారితే పులుపు మారుతుంది, కారం మారితే రంగు మారుతుంది, నూనె మారితే నేను చెప్పినట్టే అవుతుంది. "రెండేళ్ళు నిల్వ" అని నువ్వు రెండేళ్ళు దాచి చూడకుండా రాయకు. ముక్కల మీద నూనె తేలుతుండాలనీ, ఇంకిపోతే పప్పునూనె కాచి చల్లార్చి పొయ్యాలనీ, తడి చెంచా పెడితే బూజు పడుతుందనీ రాయి.

నీ సీసాకి నేనైతే ఇలా రాస్తాను:

"కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ, ప్రతి ముక్కకీ టెంక ఉంటుంది. మే 12న కలిపాం, 14న తిరగకలిపాం. ఇప్పుడు తింటే ముందు ఆవఘాటు, వెనక పులుపు, ఆఖర్న కారం. నెల పోయాక ఘాటు తగ్గి, ఊట చిక్కబడుతుంది. వెల్లుల్లి వేశాం. నూనె పప్పునూనె ఒక్కటే. ఆవాలు, నువ్వులు పడనివాళ్ళు కొనవద్దు."

కాయ పేరూ తేదీలూ మీ నాన్నని అడిగి రాశాను, తప్పుంటే నువ్వే దిద్దుకో. వెల్లుల్లి సంగతి అస్సలు మరిచిపోకు, తిననివాళ్ళ ఇళ్ళు మన చుట్టూ చాలా ఉన్నాయి.

రెండో విడత కలిపిన రోజు నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే, రాసింది చదివి వినిపించు. నూనె డబ్బా మీద ఏముందో కూడా చదువు.

మీ అత్తయ్య